ఫోన్‌తో బోర్ల సర్వే: జీపీఎస్ పాయింట్లు, ఆలస్యంగా సింక్, లొకేషన్ తప్పులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో వ్యవసాయ బోర్లన్నీ తిరిగి, ఒక్కోదాని లొకేషన్, లోతు, మోటారు హార్స్‌పవర్, ఒక ఫోటో ఫోన్‌లోకి ఎక్కించే పని ఇది. యాప్ ఓడీకే కలెక్ట్, సర్వర్ ఓడీకే సెంట్రల్, చివర్లో మ్యాప్ మీద చూసుకోవడానికి క్యూజీఐఎస్. మూడూ ఉచితమే, అయితే సెంట్రల్‌ని సొంతంగా పెట్టుకుంటే సర్వర్ అద్దె కట్టాలి. కొత్తగా వచ్చిన ప్రతి టీమూ ఇవే సందేహాలు అడుగుతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బయల్దేరే ముందు

నెట్ లేని ఊళ్లో జీపీఎస్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. జీపీఎస్ అంటే ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్ వినడమే, దానికి సిమ్ కూడా అక్కర్లేదు. కాకపోతే మొదటి పాయింట్ ఆలస్యంగా వస్తుంది. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ నెట్ నుంచే తెచ్చుకుని కొన్ని సెకన్లలో తేల్చేస్తుంది. నెట్ లేకపోతే ఆ కక్ష్య వివరాలు ఉపగ్రహం దగ్గరే వినాలి, అది ఒక్కో విడత చెప్పడానికి 30 సెకన్లు తీసుకుంటుంది, మధ్యలో మీరు చెట్టు కిందకి వెళ్లి సిగ్నల్ తెగితే మళ్లీ వచ్చే విడత దాకా ఆగాలి. అందుకే ఊరి పొలిమేరలో సిగ్నల్ ఉండగానే ఫోన్‌లో ఏదో ఒక మ్యాప్ యాప్ తెరిచి, నీలం చుక్క కుదురుకునే దాకా ఆగి, ఆ తర్వాత లోపలికి వెళ్లండి. ఆ తర్వాత కొన్ని గంటలు ఇబ్బంది ఉండదు.

ఫోన్‌లో ఏ సెట్టింగ్స్ చూసుకోవాలి?

లొకేషన్ ఆన్‌లో ఉండాలి, యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చేటప్పుడు `Precise` అనేది ఎంచుకోవాలి. `Approximate` ఎంచుకుంటే ఫోన్ కావాలనే కిలోమీటర్ల తేడాతో సుమారు చోటు మాత్రమే ఇస్తుంది. బ్యాటరీ సేవర్ తీసేయండి, కొన్ని ఫోన్లలో అది లొకేషన్‌ని కూడా నొక్కేస్తుంది. తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టండి, ఎందుకంటే ఫారం ఎప్పుడు నింపారన్నది ఫోన్ గడియారం నుంచే రికార్డవుతుంది, అది తప్పైతే తర్వాత చెకింగ్ అంతా గందరగోళం.

ఓడీకే కలెక్ట్ ఆండ్రాయిడ్‌లోనే ఉంది. టీమ్‌లో ఐఫోన్ వాళ్లుంటే వాళ్లకి ఒక ఆండ్రాయిడ్ ఫోన్ అరువివ్వడమే మంచి దారి.

ఫారంలో లొకేషన్ ప్రశ్న ఎలా పెట్టాలి?

ఎక్సెల్ షీట్‌లో రాసే ఫారంలో ఇది ఒక్క వరుస పని:

```
type      name      label                        parameters
geopoint  bore_gps  కేసింగ్ పైపు పక్కన నిలబడి నొక్కండి  capture-accuracy=5 warning-accuracy=15
```

దీని అర్థం, ఆక్యురసీ 5 మీటర్లకి రాగానే యాప్ తనంతట తానే పాయింట్ పట్టేస్తుంది, 15 దాటి ఉంటే హెచ్చరిక చూపిస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, 15 దాటితే ఫారమే ముందుకి వెళ్లకుండా షరతు పెడతారు. నా ఉద్దేశంలో అది వద్దు. మామిడి తోట మధ్యలో ఉన్న బోరు దగ్గర ఎంత సేపు నిలబడ్డా 20 కిందకి రాకపోవచ్చు, అప్పుడు మనిషి ఏం చేస్తాడు? తోట బయటికొచ్చి, అక్కడ మంచి నంబర్ రాగానే నొక్కి వెళ్లిపోతాడు. ఇప్పుడు మీ చేతిలో ఆక్యురసీ 5 అని రాసి ఉన్న పాయింట్ ఉంటుంది, బోరు మాత్రం అక్కడ ఉండదు. 20 అని ఉన్నది ఉన్నట్టు రాసిన పాయింట్ దీనికంటే ఎన్నో రెట్లు నయం.

ఇంకో విషయం, లొకేషన్ ప్రశ్నని ఫారంలో మొట్టమొదట పెట్టకండి. మొదట ఉంటే బండి దిగుతూనే, రోడ్డు మీదే నొక్కేస్తారు. బోరు ఫోటో ప్రశ్న ముందు పెట్టి, దాని వెంటనే లొకేషన్ పెడితే మనిషి ఎలాగూ బోరు దగ్గరికి వెళ్లే ఉంటాడు.

## పొలంలో

ఆక్యురసీ 4 మీటర్లు అని చూపిస్తోంది, అంటే తప్పు 4 మీటర్ల లోపే కదా?

కాదు. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఆండ్రాయిడ్ చూపించే ఆ నంబర్ ఫోన్ తన గురించి తాను వేసుకున్న అంచనా. దాని నిర్వచనం ప్రకారమే, అసలు చోటు ఆ వృత్తంలో ఉండే అవకాశం 68 శాతం. అంటే అంచనా నిజాయితీగా ఉన్నా కూడా, మూడింటిలో ఒక పాయింట్ ఆ వృత్తం బయటే ఉంటుందని లెక్క.

అంచనా తప్పే సందర్భాలూ ఉన్నాయి. డాబా గోడ పక్కన, రేకుల షెడ్డు పక్కన, కొండ బండ వారన నిలబడితే సిగ్నల్ నేరుగా రాకుండా గోడకి తగిలి తిరిగి వస్తుంది, ఆ చుట్టుదారి వల్ల దూరం ఎక్కువ లెక్క పడుతుంది, అది ఫోన్‌కి చాలాసార్లు తెలియదు. నంబర్ 6 అని చూపిస్తూనే పాయింట్ 25 మీటర్ల అవతల పడొచ్చు. ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ తప్పు సుమారు 5 మీటర్ల వ్యాసార్థంలో ఉంటుంది. బోర్ల లెక్కకి అది చాలు.

ఎంతసేపు ఆగాలి?

ఆరుబయట అర నిమిషం నుంచి నిమిషం. నంబర్ తగ్గుతూ తగ్గుతూ ఒక చోట నిలబడిపోతుంది, అప్పుడు తీసుకోండి. అయిదు నిమిషాలు అదే చోట నిలబడితే ఇంకా బాగుపడుతుందనుకోవద్దు, గోడ వల్ల వచ్చే తప్పు అయిదు నిమిషాల తర్వాతా దాదాపు అలాగే ఉంటుంది. ఆగడం కంటే నాలుగు అడుగులు జరగడం మేలు.

ఫోన్‌ని జేబులో, బండి హ్యాండిల్ స్టాండులో పెట్టి కాకుండా, అరచేతిలో ఆకాశం వైపు పట్టుకోండి.

బోరు షెడ్డు లోపల ఉంది, లేదా గుబురు చెట్ల కింద ఉంది. ఏం చేయాలి?

ఆకాశం కనిపించే దగ్గరి చోటికి వచ్చి అక్కడ పాయింట్ తీసుకుని, అక్కడినుంచి బోరు ఏ దిక్కున, ఎన్ని అడుగుల్లో ఉందో ఫారంలో ఒక వ్యాఖ్యగా రాయండి. "ఉత్తరానికి 12 అడుగులు, షెడ్డు లోపల" అంటే చాలు. దీనికోసం ఫారంలో ముందే ఒక ఖాళీ పెట్టుకోవాలి, లేకపోతే ఎవరూ రాయరు. లోపలే నిలబడి తీస్తే ఫోన్ ఉపగ్రహాలు అందక, దగ్గర్లోని వైఫై, సెల్ టవర్ల ఆధారంగా చోటు ఊహిస్తుంది, టవర్ దూరంగా ఉండే పల్లెల్లో ఆ ఊహ వందల మీటర్లు తప్పుతుంది.

ఎత్తు సముద్రమట్టానికి కింద చూపిస్తోంది, ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది. ఆండ్రాయిడ్ ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, భూమికి గణితంలో ఇచ్చిన నున్నటి ఆకారం నుంచి. దక్షిణ భారతంలో సముద్రమట్టం ఆ ఆకారం కంటే బాగా కిందకి ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లో తేడా దాదాపు 60 నుంచి 90 మీటర్లు. అందుకే కోస్తాలో నిలబడితే మైనస్‌లో వస్తుంది, హైదరాబాద్‌లో ఉండాల్సినదాని కంటే 70, 80 మీటర్లు తక్కువ వస్తుంది. పైగా ఫోన్ ఎత్తులో తప్పు అడ్డం తప్పు కంటే ఎక్కువ. భూగర్భ జలమట్టాలు లెక్కకట్టడానికి ఆ కాలమ్ ముట్టుకోకండి.

ఇదే ఫోన్‌తో పొలం హద్దులు కూడా కొలిచేస్తే?

వద్దు. 10 గుంటల చెలక తీసుకోండి, అంటే సుమారు 1,012 చదరపు మీటర్లు, నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 32 మీటర్లు. ఒక వైపు హద్దు మొత్తం 5 మీటర్లు జరిగితే 160 చదరపు మీటర్లు, అంటే గుంటన్నర పైన తేడా. కోస్తా లెక్కలో దాదాపు 4 సెంట్లు. ఊళ్లో గొడవ మొదలవడానికి అది చాలు. ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో డ్రోన్లు, స్థిర జీపీఎస్ స్టేషన్లు, రోవర్లు వాడింది సెంటీమీటర్ల స్థాయి కొలత కావాలనే. ఫోన్ పాయింట్ "బోరు ఈ పొలంలో ఉంది" అని చెప్పగలదు, "గట్టు ఇక్కడ" అని చెప్పలేదు.

## సాయంత్రం, సింక్ చేసేటప్పుడు

నెట్ లేకుండా నింపిన ఫారాలు ఎక్కడికి పోతాయి?

ఫోన్‌లోనే ఉంటాయి. సగం నింపినవి `Drafts` లో, పూర్తి చేసి ఫైనలైజ్ చేసినవి `Ready to send` లో. సర్వర్‌కి చేరాక `Sent` లోకి మారతాయి. రాత్రి టీమ్ లీడర్ ఒక్కొక్కరి ఫోన్ చూడాల్సింది రెండే: `Ready to send` సున్నా అయిందా, `Drafts` లో ఏమైనా మిగిలాయా. రెండోది అందరూ మర్చిపోతారు, డ్రాఫ్ట్ ఎప్పటికీ తనంతట తాను వెళ్లదు.

సెట్టింగ్స్‌లో ఆటో సెండ్‌ని వైఫైకి మాత్రమే పెట్టుకుంటే డేటా ప్యాక్ ఖర్చు కాదు. ఫారం కిలోబైట్లే, బరువంతా ఫోటోలది, కాబట్టి ఫారంలోనే ఫోటో సైజు తగ్గించే పరామితి `max-pixels=1024` పెట్టండి.

సెండ్ మధ్యలో ఆగిపోయింది. మళ్లీ పంపితే డబుల్ అవుతుందా?

అవ్వదు. ప్రతి ఫారానికీ పుట్టుకతోనే ఒక ప్రత్యేక గుర్తింపు ఉంటుంది, సర్వర్ దాన్ని చూసి ఇది వచ్చిందే అని గుర్తుపడుతుంది. ఎన్నిసార్లయినా పంపండి. డబుల్ అయ్యేది వేరే దారిలో: సెండ్ ఫెయిలైందని టెన్షన్ పడి, అదే బోరుకి కొత్త ఫారం మళ్లీ నింపితే. అప్పుడు గుర్తింపులు రెండు, సర్వర్‌కి అవి రెండు బోర్లు.

యాప్ ఇబ్బంది పెడుతోంది, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?

`Ready to send` లో ఒక్క ఫారం ఉన్నా చేయకండి. డేటా యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, యాప్ తీసేస్తే దాంతోపాటే పోతుంది. `Clear data` నొక్కినా అంతే. సర్వర్‌కి వెళ్లని డేటా అలా పోతే తెచ్చే దారి లేదు, మళ్లీ ఆ బోర్లన్నీ తిరగాల్సిందే.

సర్వే మధ్యలో ఫారం మార్చాం, పాత ఫారాలు పోతాయా?

పోవు, పాత వెర్షన్‌లో నింపినవాటినీ సెంట్రల్ తీసుకుంటుంది. సర్వే ముగిశాక మాత్రం ఫారాన్ని వెంటనే `Closed` చేయకండి, ఆలస్యంగా వచ్చేవాటిని అది తిప్పి పంపేస్తుంది. `Closing` లో పెడితే కొత్తవాళ్లు దించుకోలేరు, ఫోన్లలో మిగిలినవి మాత్రం వస్తాయి. వారం తర్వాత సంత రోజున నెట్ దొరికి పంపేవాళ్లు ప్రతిచోటా ఉంటారు.

## తప్పులు పట్టుకోవడం

డేటా వచ్చింది. ముందు ఏం చూడాలి?

మ్యాప్ మీద వేసి చూడటం కంటే ముందు వేరే పని లేదు. సెంట్రల్ నుంచి సీఎస్‌వీ దించుకుంటే లొకేషన్ నాలుగు కాలమ్‌లుగా వస్తుంది: `bore_gps-Latitude`, `bore_gps-Longitude`, `bore_gps-Altitude`, `bore_gps-Accuracy`. ప్రశ్న ఏదైనా గ్రూపులో ఉంటే ముందు ఆ గ్రూపు పేరు కలుస్తుంది. క్యూజీఐఎస్‌లో `Add Delimited Text Layer` తో తెరిచి, ఎక్స్‌కి లాంగిట్యూడ్, వైకి లాటిట్యూడ్ ఇచ్చి, జీపీఎస్ ఇచ్చే డిగ్రీల పద్ధతి అయిన `EPSG:4326` పెట్టండి.

ఆ రెండూ తారుమారు చేస్తే పాయింట్లు కనిపించకుండా పోతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల 17.4, 78.5 ని తిరగేస్తే నార్వేకి ఉత్తరాన మంచులో ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లో తేలతాం. ఆఫ్రికా పశ్చిమాన సముద్రంలో చుక్క పడిందంటే అది సున్నా, సున్నా, అంటే లొకేషన్ ఖాళీని ఎవరో సున్నాతో నింపారు.

పాయింట్లన్నీ గళ్ల నోటుపుస్తకంలో పెట్టినట్టు వరుసల్లో పడ్డాయి, ఎందుకు?

మధ్యలో ఎవరో సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి, కాలమ్‌ని రెండు దశాంశాలకి కుదించి సేవ్ చేశారు. సీఎస్‌వీలో ఎక్సెల్ తెర మీద కనిపించేదే దాస్తుంది, మిగతా అంకెలు పోతాయి. రెండు దశాంశాలంటే గళ్ల మధ్య దూరం సుమారు 1.1 కిలోమీటర్లు. అయిదో దశాంశం దాకా ఉంటే దాదాపు ఒక మీటరు, అంతకంటే తక్కువ అంకెలున్న డేటాని తీసుకోకండి. బాగు చేయడానికి మార్గం ఒక్కటే, సెంట్రల్ నుంచి మళ్లీ దించుకోవడం.

చేత్తో రాసుకుని తర్వాత ఎక్కించే చోట ఇంకో తప్పు వస్తుంది: 17 డిగ్రీల 30 నిమిషాలని 17.30 అని కొట్టేయడం. సరైనది 17.50, తేడా 22 కిలోమీటర్లు.

ఆక్యురసీ బాగానే ఉన్నా చోటు తప్పని ఎలా పట్టుకోవాలి?

ఫోన్ చెప్పే నంబర్‌ని ఫోన్‌తోనే సరిచూడలేం, బయటి ఆధారం కావాలి. నేను నమ్మేది పొద్దునే అందరూ ఒకే చోట, ఉదాహరణకి పంచాయతీ ఆఫీసు జెండా కర్ర దగ్గర, మామూలుగా ఫారం నింపినట్టే ఒక్కో పాయింట్ తీయడం, సాయంత్రం తిరిగొచ్చి మళ్లీ అక్కడే తీయడం. ఆరుబయట ఉన్న కర్ర అయి ఉండాలి.

నల్గొండ వైపు ఒక ఊళ్లో ఇలా వచ్చాయనుకుందాం:

```
ఫోన్   lat        lon        accuracy
క     17.05212   79.26743   5
గ     17.05207   79.26738   4
చ     17.05214   79.26779   6
```

క, గ ల మధ్య తేడా రెండు దిక్కుల్లోనూ 0.00005, అంటే చెరి అయిదేసి మీటర్లు, సుమారు 7.7 మీటర్ల దూరం. రెండు మామూలు ఫోన్ల మధ్య ఇది సహజమే. చ సంగతి చూడండి. మిగతా రెండింటి సగటు లాంగిట్యూడ్ 79.26741 అనుకుంటే తేడా 0.00038. ఆ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ లాంగిట్యూడ్ సుమారు 106.4 కిలోమీటర్లు, కాబట్టి తూర్పుకి 40 మీటర్లు. లాటిట్యూడ్ తేడా నాలుగైదు మీటర్లే. 6 అని చెప్పుకున్న ఫోన్ 40 తప్పింది.

ఇప్పుడు కారణం వెతకాలి. తేడా అంతా ఒకే దిక్కున, అదీ రోడ్డు వైపు ఉంటే, ఆ మనిషి కర్ర దాకా రాకుండా రోడ్డు మీద బండి పక్కనే నొక్కి ఉండొచ్చు. అక్కడే మళ్లీ తీయించండి. కర్రకి ఆనుకుని నిలబడి తీసినా 40 వస్తే ఫోన్ మార్చండి. కర్ర దగ్గర సరిగ్గా వస్తే ఫోన్ తప్పు లేదు, అలవాటు తప్పు, ఆ మనిషి రోజంతా బోర్లని కూడా రోడ్డు మీద నుంచే తీశాడేమో చూడండి: మ్యాప్‌లో అతని చుక్కలు బాట వెంట బారుగా ఉంటాయి.

ఇంట్లో కూర్చుని నింపినవాటిని గుర్తించగలమా?

చాలావరకు. మొదటి ఆధారం, రెండు వేర్వేరు బోర్లకి అన్ని అంకెలూ ఒక్కటే ఉండటం. పాయింట్ నిజంగా రెండుసార్లు తీస్తే చివరి అంకెలు దాదాపు ఎప్పుడూ మారతాయి. క్యూజీఐఎస్‌లో `Select by Expression` తెరిచి:

```
count("KEY", group_by:=concat("bore_gps-Latitude", ',', "bore_gps-Longitude")) > 1
```

రెండో ఆధారం వేగం. ఒక్కో మనిషి ఫారాలని `start`, అంటే ఫారం తెరిచిన టైమ్ ప్రకారం పేర్చి, వరుస పాయింట్ల మధ్య దూరాన్ని టైమ్‌తో భాగించండి. 4 నిమిషాల్లో 9 కిలోమీటర్లు అంటే గంటకి 135, పొలం బాటలో ఎవరూ అంత వేగంగా వెళ్లరు. ఇక్కడ `SubmissionDate` వాడకండి, అది సర్వర్‌కి చేరిన టైమ్, ఆలస్యంగా సింక్ చేసేవాళ్లవన్నీ రాత్రి ఎనిమిదికే ఉంటాయి, అందులో మోసం ఏమీ లేదు. `start` కావాలంటే ఫారంలో ఆ వరుస మొదటి రోజే పెట్టి ఉండాలి.

ఒక్క ఆధారంతో మనిషిని నిలదీయకండి. ఒకే పొలంలో పది అడుగుల దూరంలో పాతది ఎండిపోయిన బోరు, కొత్తది నీళ్లున్న బోరు ఉండటం మామూలే, అవి దగ్గరగా పడతాయి గానీ ఒక్కటే అవ్వవు.

చుక్కలన్నీ శాటిలైట్ చిత్రంలో ఒకే వైపు జరిగి ఉన్నాయి. లాగి సరిచేయనా?

లాగకండి. తేడా కొద్ది మీటర్లే, అన్నీ ఒకే దిక్కుకి ఉంటే తప్పు మీ పాయింట్లది కాదు, చాలావరకు చిత్రానిదే. ఆ చిత్రాలు కూడా కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. తేడా వంద మీటర్లు దాటి, అదీ స్కాన్ చేసిన పాత ఊరి మ్యాప్‌తో పోల్చినప్పుడు వస్తే, ఆ మ్యాప్ భూమి ఆకారానికి పూర్వం వాడిన ఎవరెస్ట్ అనే కొలతలో ఉందేమో చూడండి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే కొలత, రెండింటి మధ్య మన ప్రాంతంలో తేడా అంతే ఉంటుంది.

మీటర్లలో దూరం కావాలంటే ఏ ప్రొజెక్షన్?

`EPSG:32644`. ఇది 78 నుంచి 84 డిగ్రీల లాంగిట్యూడ్ దాకా వర్తిస్తుంది, మన ఊళ్లలో ఎక్కువ భాగం అందులోకి వస్తాయి. అనంతపురం, జహీరాబాద్ 78 కి పడమట ఉన్నాయి, వాటికి `EPSG:32643`. ఇచ్ఛాపురం 84 దాటింది, అక్కడ `EPSG:32645`.

తప్పని తేలిన పాయింట్‌ని డిలీట్ చేయాలా?

డిలీట్ చేయకండి. సెంట్రల్‌లో ఒక్కో ఫారానికి `Has issues` అని గుర్తు పెట్టి, పక్కన ఎందుకో ఒక వాక్యం రాయండి. మళ్లీ వెళ్లి తీసిన కొత్త పాయింట్ వచ్చాక దాన్ని `Approved` చేసి, పాతదాన్ని `Rejected` చేయండి. విశ్లేషణకి `Approved` వాటినే వాడండి. మళ్లీ తీయడానికి వీలే లేని చోట, ఫోటోలో షెడ్డు, స్తంభం, చెరువు గట్టు లాంటివి కనిపిస్తుంటే శాటిలైట్ చిత్రంలో చోటు వెతికి పెట్టొచ్చు, కానీ ఆ పాయింట్ ఫోన్ నుంచి వచ్చింది కాదని వేరే కాలమ్‌లో రాసి పెట్టాలి.